పై మెట్టు ఉద్యోగానికి రెజ్యూమే: హోదా మార్చకుండా సంసిద్ధత చూపించడం ఎలా?

ప్రశ్న: పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డబ్బాలు, మూతలు తయారుచేసే కంపెనీలో సీనియర్ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా పని చేస్తున్నాను. ఎంకాం చదివాను, ఏడేళ్ల అనుభవం ఉంది. పోయిన ఏడాది మా మేనేజర్ గారు ఆపరేషన్ చేయించుకుని జూన్ నుంచి అక్టోబర్ వరకు ఆఫీసుకు రాలేదు. ఆ ఐదు నెలలూ నెలాఖరు లెక్కలు ముగించే క్లోజింగ్ పని నేనే చూశాను. ఇద్దరు జూనియర్లు ఇప్పటికీ నన్ను అడిగే పని చేస్తారు. అసిస్టెంట్ మేనేజర్ ఉద్యోగాలకు తొమ్మిది చోట్ల దరఖాస్తు పెట్టాను. ఒక్క పిలుపూ రాలేదు. చాలా ప్రకటనల్లో 'టీమ్‌ను నడిపిన అనుభవం రెండేళ్లు' అంటున్నారు. రెజ్యూమేలో హోదానే అసిస్టెంట్ మేనేజర్ అని రాసేయమని తోటివాళ్లు సలహా ఇస్తున్నారు. నాకు మనసొప్పడం లేదు. నా రెజ్యూమే జత చేశాను. ఏం మార్చాలో చెప్పగలరా?

— ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

సమాధానం: మీ మనసు సరిగ్గానే చెబుతోంది. హోదా మార్చవద్దు. తప్పన్నది ఒక కారణం, దొరికిపోతారన్నది మరో కారణం. కొత్త కంపెనీ మిమ్మల్ని చేర్చుకునేముందు రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల జీతం చీటీలు అడుగుతుంది. రెండింటిమీదా హోదా అచ్చయి ఉంటుంది. చేరిన, మానేసిన తేదీలు ఈపీఎఫ్ఓ రికార్డులో కనిపిస్తాయి. ఆఫర్ ఇచ్చాక ఈ తేడా బయటపడితే ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేసి, కొత్తది చేతికి రాక, మధ్యలో నిలబడిపోతారు. అలా నిలబడినవారిని నేను చూశాను. పని బాగా తెలిసిన మనిషే, ఒక్క పదం కోసం ఆరు నెలలు ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

ఇక మీ రెజ్యూమే. రెండుసార్లు చదివాను. మీ కంపెనీ కింద 19 వాక్యాలు ఉన్నాయి. వాటిలో 14 'ప్రిపేర్డ్', 'మెయింటెయిన్డ్', 'అసిస్టెడ్' అనే మాటలతో మొదలవుతున్నాయి. మేనేజర్ లేని ఆ ఐదు నెలల గురించి ఒక్క ముక్క లేదు! ఉత్తరంలో మీరు నాకు రెండు వాక్యాల్లో చెప్పిన విషయం, ఉద్యోగం ఇవ్వవలసినవారికి రెండు పేజీల్లోనూ చెప్పలేదు. పిలుపు రాకపోవడానికి పెద్ద కారణం ఇదేనని నా నమ్మకం. పాతికేళ్లుగా తయారీ కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో పని చేస్తున్నాను. ఇలాంటి రెజ్యూమేలు నా బల్ల మీదికి వందల్లో వచ్చాయి. మీ రెజ్యూమే చదివితే మంచి సీనియర్ ఎగ్జిక్యూటివ్ కనిపిస్తారు. మీరు పెట్టుకున్నది ఆ ఉద్యోగానికి కాదు కదా.

ఎగ్జిక్యూటివ్‌కూ అసిస్టెంట్ మేనేజర్‌కూ తేడా ఎక్కడ ఉంటుందో మీకు రోజూ ఎదురయ్యే పనిలోనే చూపిస్తాను. సప్లయర్లు జీఎస్టీ పోర్టల్లో ఎక్కించిన బిల్లుల పట్టిక, జీఎస్టీఆర్-2బి, ప్రతి నెలా 14వ తేదీన వస్తుంది. మీ కొనుగోలు రిజిస్టర్‌తో దాన్ని సరిపోలుస్తారు. ఒక సప్లయర్ 10 లక్షల సరుకు పంపి, దాని మీద 1.8 లక్షల జీఎస్టీ వేసి బిల్లు ఇచ్చాడనుకోండి. అది 2బిలో కనిపించలేదు. 2022 జనవరి నుంచి అలా కనిపించని బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే వీలు లేదు. ఎగ్జిక్యూటివ్ దాన్ని ఎక్సెల్‌లో ఎర్ర రంగు వేసి మేనేజర్‌కు పంపుతారు. ఆ పని సరిగ్గా చేశారు, అంతటితో అయిపోయింది.

అసిస్టెంట్ మేనేజర్ పని ఆ ఎర్ర గడి దగ్గర మొదలవుతుంది. 20వ తేదీన పన్ను కట్టే నెలవారీ రిటర్న్ 3బి దాఖలు చేసేటప్పుడు ఆ 1.8 లక్షలు చేతి నుంచి కట్టవలసి రావచ్చు కాబట్టి, బ్యాంకులో డబ్బు ఉందో లేదో ముందే చూడాలి. సప్లయర్‌కు మొత్తం చెల్లించాలా, పన్ను భాగం మాత్రం ఆపాలా అన్నది తేల్చాలి. ఆపుదామంటే, అతను సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదైన తయారీదారు అయితే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. గడువు దాటాక చెల్లించిన ఖర్చుకు ఆదాయపు పన్నులో మినహాయింపు, డబ్బు ఏ ఏడాది కట్టారో ఆ ఏడాదిలోనే వస్తుంది. ఆ మీదట, అతను మీకు ప్లాస్టిక్ గుళికలు సమయానికి ఇచ్చే ఒకే ఒక్క సప్లయర్ అయితే? డబ్బు ఆపితే వచ్చే సోమవారం మెషీన్లు ఆగుతాయి. అప్పుడు కొనుగోలు విభాగంవారితో మాట్లాడి, సప్లయర్ అకౌంటెంట్‌కు ఫోన్ చేసి, ఈ నెల తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు తప్పకుండా ఎక్కిస్తానని మెయిల్ రాయించుకుని, చెల్లింపు వదలాలి.

సరిపోల్చడం ఇద్దరికీ తెలుసు. సరిపోలనప్పుడు ఏం చేయాలో తేల్చి, ఆ మాటకు తానే నిలబడేది పై మెట్టులో ఉన్న మనిషి. రెజ్యూమేలో మేం వెతికేది ఆ ఘడియలనే. మీరు ఆ ఐదు నెలల్లో ఇలాంటివి ఎన్నో చేసి ఉంటారు. చేయకుండా క్లోజింగ్ నడవదు.

కాబట్టి రెజ్యూమే ముట్టుకోకముందు ఒక శని, ఆదివారాలు కేటాయించి సాక్ష్యం పోగు చేయండి. జూన్ నుంచి అక్టోబర్ వరకు మీరు పంపిన మెయిళ్లన్నీ వరుసగా చదవండి. కంపెనీ ఫైళ్లు ఇంటికి పంపుకోవద్దు, ఆఫీసులోనే చదివి నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. మూడు రకాల మెయిళ్ల కోసం చూడండి. ఎవరో 'ఇప్పుడు ఏం చేద్దాం' అని అడిగితే మీరు జవాబు చెప్పినవి మొదటి రకం. ఆడిటర్లు గానీ బ్యాంకు గానీ ప్లాంట్ హెడ్ గానీ మేనేజర్‌ను కాకుండా నేరుగా మిమ్మల్ని అడిగినవి రెండో రకం. జూనియర్ల పనిలో తప్పు పట్టుకుని మీరు వెనక్కి పంపినవి మూడో రకం. ప్రతిదానికీ తేదీ, మొత్తం, చివరికి ఏమైందీ అన్నవి రాసుకోండి. పది, పన్నెండు దొరుకుతాయి. ఒక్కటీ దొరకకపోతే అదీ తెలుసుకోవలసిన విషయమే. మేనేజర్ ఇంటి నుంచి ఫోన్లో చెబుతుంటే మీరు అమలు చేశారన్నమాట. అలా అయితే ఆ ఐదు నెలలను మీరు నడిపినట్టు రాయకూడదు.

ఆ పన్నెండూ పక్కన పెట్టుకుని, మీకు నచ్చిన ప్రకటన ఒకటి తీయండి. మీరు జత చేసిన ప్రకటనల్లో మొదటిదే చూద్దాం. అందులో ఆరు బాధ్యతలు ఉన్నాయి: నెలవారీ క్లోజింగ్, జీఎస్టీ-టీడీఎస్ రిటర్న్‌ల దాఖలు, ఆడిట్ పూర్తి చేయించడం, బ్యాంకుకు స్టాక్ స్టేట్‌మెంట్లు, బడ్జెట్‌తో ఖర్చుల పోలిక, ముగ్గురు సభ్యుల టీమ్. మొదటి మూడూ మీరు స్వయంగా నడిపారు. టీమ్ సగం నడిపారు. బ్యాంకు పని, బడ్జెట్ పని మీ రెజ్యూమేలో ఎక్కడా కనిపించలేదు. చేయలేదనే అనుకుంటున్నాను. ఆరింటిలో మూడు పూర్తిగా, ఒకటి సగం. ఒక మెట్టు పైకి వెళ్లేవారికి ఇది సరైన పాళ్లే. ఆరూ చేసేసినవారు ఎందుకు అదే మెట్టుకు వస్తారు? కానీ ఆరింటిలో ఒకటో రెండో మాత్రమే ఉంటే ఆ ప్రకటన వదిలేయండి.

ఇప్పుడు వాక్యాలు మారుద్దాం. మీరు ఇంగ్లిషులోనే పంపుతారు, నేను విషయం వరకు తెలుగులో రాస్తున్నాను. అంకెలు నేను మచ్చుకు వేసినవి. మీ నోటుపుస్తకంలోని అసలు అంకెలు అక్కడ పెట్టాలి.

మీ రెజ్యూమేలో మొదటి వాక్యం: *నెలవారీ క్లోజింగ్, ఎంఐఎస్ తయారీ బాధ్యతలు నిర్వహించాను.*

ఇది చదివితే క్లోజింగ్‌లో మీ వంతు ఎంతో తెలియదు. తరుగుదల ఎంట్రీ వేసినవారూ ఇదే రాస్తారు, మొత్తం ముగించినవారూ ఇదే రాస్తారు. దీన్ని ఇలా మార్చండి:

*మేనేజర్ వైద్య సెలవులో ఉన్న ఐదు నెలలు (జూన్–అక్టోబర్) నెలవారీ క్లోజింగ్ పూర్తిగా నడిపాను: ప్రొవిజన్లు నిర్ణయించి, ట్రయల్ బ్యాలెన్స్ సమీక్షించి, ప్రతి నెలా 8వ తేదీలోగా ఫైనాన్స్ హెడ్‌కు నేరుగా నివేదించాను.*

ఇందులో గొప్పలు ఏమీ లేవు. 'ప్రొవిజన్లు నిర్ణయించి' అన్న మాట మాత్రం చాలా బరువు మోస్తోంది. కరెంటు బిల్లు ఇంకా రాలేదు, రవాణాదారు బిల్లు రాలేదు, అయినా ఆ నెల ఖర్చుగా ఎంత చూపాలో ఎవరో ఒకరు అంచనా కట్టాలి. అంచనా తప్పితే వచ్చే నెల లాభం తారుమారవుతుంది. ఆ అంచనా మీది అయితే అది రాయవలసిన మాట. ఇంటర్వ్యూలో 'కరెంటు ప్రొవిజన్ ఎలా లెక్క కట్టారు' అని తప్పకుండా అడుగుతారు. మీటరు రీడింగ్ తీసుకుని యూనిట్లను గత నెల రేటుతో గుణించాను, డిమాండ్ చార్జీలు విడిగా కలిపాను అని చెప్పగలిగితే ఆ వాక్యం నిజమని అవతలివారికి అర్థమైపోతుంది.

రెండో వాక్యం: *జీఎస్టీ రీకన్సిలియేషన్లు తయారుచేశాను.*

మార్పు: *నెలకు సుమారు 400 కొనుగోలు బిల్లులను 2బితో సరిపోల్చి, కనిపించనివాటిలో ఎవరి చెల్లింపు ఆపాలో కొనుగోలు విభాగంతో కలిసి తేల్చాను, తేలకుండా మిగిలిన క్రెడిట్ ఏడాదిలో 14 లక్షల నుంచి 3 లక్షలకు తగ్గింది.*

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ తగ్గుదల మీ పని వల్లే వచ్చిందా అని మిమ్మల్ని మీరు నిలదీయండి. ఆ ఏడాదే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ కొనిందా? బిల్లులు ఎక్కించని సప్లయర్‌ను కొనుగోలు విభాగం తనంతట తానే మార్చేసిందా? అలా అయితే తగ్గుదల అంకె తీసేసి, మీరు తేల్చిన ఒక పెద్ద వ్యవహారం రాయండి. మీది కాని అంకె కంటే అసలు అంకె లేకపోవడమే మేలు. ఎందుకంటే ఇంటర్వ్యూ మొత్తం ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

మూడోది: *జూనియర్లకు మార్గదర్శనం చేశాను.*

'రెండేళ్ల టీమ్ అనుభవం' అన్న షరతును ఎదుర్కోవలసింది ఈ వాక్యమే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మార్గదర్శనం అన్న మాట పక్కన కూర్చుని టాలీ నేర్పినవారికీ సరిపోతుంది. టీమ్ నడపడంలో నాలుగు పనులు ఉంటాయి: పని పంచడం, చేసినదాన్ని తనిఖీ చేసి ఆమోదించడం, సెలవులు చూడడం, ఏడాది చివర అప్రైజల్ రాయడం. మీ ఉత్తరాన్ని బట్టి మొదటి రెండూ మీరు చేస్తున్నారు, మిగతా రెండూ మేనేజర్ గారివి. ఉన్నది ఉన్నట్టు ఇలా రాయండి:

*ఇద్దరు జూనియర్లకు రోజువారీ పని పంచి, వారి వోచర్లు, బ్యాంకు రీకన్సిలియేషన్లు పోస్టింగ్‌కు ముందు తనిఖీ చేసి ఆమోదిస్తున్నాను. కొత్తవారి కోసం 22 అంశాల క్లోజింగ్ చెక్‌లిస్టు రూపొందించాను.*

ఇంటర్వ్యూలో 'టీమ్‌ను నడిపారా?' అని అడిగితే, 'పని పంచడం, తనిఖీ నావి; సెలవులు, అప్రైజల్ మా మేనేజర్ గారివి. అప్రైజల్‌కు ముందు ఇద్దరి గురించీ నా అభిప్రాయం అడుగుతారు' అని చెప్పండి. ఆయన నిజంగా అడిగితేనే చివరి మాట చేర్చండి. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు టీమ్ ఉందని చెప్పినవారిని మొదట అడిగే ప్రశ్న ఇదే: మీ కింద పని చేసేవారు చివరిసారి చేసిన పెద్ద తప్పు ఏమిటి, మీకు ఎలా తెలిసింది, ఆ తర్వాత ఏం మార్చారు? రెండు నెలల జీఎస్టీ తప్పు కోడ్‌లో పడిందనో, ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు వెళ్లబోతుంటే పట్టుకున్నాననో వెంటనే చెప్పేవారు ఉంటారు. 'మా టీమ్‌లో తప్పులు జరగవు' అనేవారూ ఉంటారు. రెండోవారు నిజంగా ఎవరి పనీ తనిఖీ చేయలేదని నాకు తెలిసిపోతుంది. మీరు ముందే అలాంటి సంఘటన ఒకటి గుర్తు చేసుకుని ఉంచుకోండి, జూనియర్ పేరు చెప్పకుండా.

ఆ రెండేళ్ల షరతు చూసి వెనక్కి తగ్గవలసిన పని లేదు. ముగ్గురు సభ్యుల టీమ్ ఉన్న ఉద్యోగానికి ఆ మాట తరచుగా గత ప్రకటన నుంచి అలాగే దిగుతుంది. పరిశీలించేవారికి కావలసింది మరొకరి పని తప్పొప్పులు మోసిన మనిషి. కానీ 'సీఏ తప్పనిసరి' అని రాసినచోట పెట్టవద్దు. ఆ షరతును రెజ్యూమే అందరికంటే ముందు చూసేవారే పాటిస్తారు, మీ వాక్యాలు చదివే మనిషి దాకా అది వెళ్లదు. 'సీఏ ఇంటర్ లేదా ఎంకాం' అంటే నిస్సంకోచంగా పెట్టండి.

కంపెనీ పరిమాణం కూడా చూసుకోవాలి. అసిస్టెంట్ మేనేజర్ అన్న పేరు అన్నిచోట్లా ఒక్కటి కాదు. చిన్న కంపెనీలో ఆ హోదా ఉన్నవారు ఫైనాన్స్ మొత్తం చూస్తారు. వేల కోట్ల కంపెనీలో అదే హోదా ఉన్నవారు సప్లయర్ చెల్లింపులు మాత్రమే చూడవచ్చు, కింద ఎనిమిది మంది ఉండవచ్చు. మీ తొమ్మిది దరఖాస్తుల్లో నాలుగు చాలా పెద్ద కంపెనీలకు వెళ్లాయి. అంటే ఒకేసారి హోదాలో ఒక మెట్టు, కంపెనీ పరిమాణంలో రెండు మూడు మెట్లు ఎక్కాలనుకున్నారు. మీ కంపెనీ అంతటిదో, దానికి రెట్టింపుదో ఎంచుకుంటే, అదీ తయారీ రంగంలోనే అయితే, మీరు చేసిన పని అక్కడివారికి వెంటనే అర్థమవుతుంది. స్టాకు, స్క్రాప్, జాబ్ వర్క్ చలాన్లు తెలిసిన మనిషి విలువ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఏం తెలుస్తుంది?

పేజీ అమరికకు వస్తే, మొదటి పేజీ పై మూడో వంతు మీకు దొరికిన చోటు. ఇప్పుడు అక్కడ 'సవాళ్లతో కూడిన ఉద్యోగం ద్వారా సంస్థ ఎదుగుదలకు తోడ్పడడం' అని లక్ష్యం ఉంది. తీసేయండి. దాని స్థానంలో మూడు వరుసలు చాలు: తయారీ రంగంలో ఏడేళ్లు, ఐదు నెలలు స్వతంత్రంగా క్లోజింగ్, ఆడిటర్లతో నేరుగా వ్యవహారం, ఇద్దరి పని తనిఖీ. ఆ కింద ప్రస్తుత కంపెనీ పేరు, మీ అసలు హోదా, తేదీలు. హోదా కింద ఒక వరుస విడిగా: *జూన్–అక్టోబర్: అకౌంట్స్ మేనేజర్ బాధ్యతలు చూశాను.* 'ఆఫీషియేటింగ్', 'యాక్టింగ్ మేనేజర్' లాంటి మాటలు, అలా నియమించినట్టు మెయిల్ గానీ ఉత్తరం గానీ ఉంటేనే వాడండి. ఆ తర్వాత పైన మార్చిన మూడు వాక్యాలు, ఆడిట్ గురించి ఒకటి. మిగతా 15 వాక్యాలను నాలుగైదుకు కుదించి కిందికి నెట్టండి. వోచర్ ఎంట్రీ, పెట్టీ క్యాష్, ఫైలింగ్ అసలు వద్దు. అవి మీకు వచ్చని ఎవరూ అనుమానించరు. అవి పైన ఉన్నంతసేపూ చదివేవారి కళ్లకు మీరు కింది మెట్టు మీదే కనిపిస్తారు. కస్టమర్ల పేర్లు, లాభాల శాతాలు కూడా తీసేయండి. మీ కంపెనీ రహస్యాలు రెజ్యూమేలో పెట్టినవారు రేపు మావీ పెడతారనిపిస్తుంది. నాకైతే అనిపిస్తుంది.

ఉద్యోగాల పోర్టల్లో 'ప్రస్తుత హోదా' అన్న గడిని ముట్టుకోవద్దు. హెడ్‌లైన్‌లో మాత్రం హోదాకు బదులు పని రాయండి: నెలవారీ క్లోజింగ్, జీఎస్టీ, చట్టబద్ధ ఆడిట్, తయారీ రంగం. రిక్రూటర్లు ఈ మాటలతోనే వెతుకుతారు.

ఇక లేని రెండు పనులు. వీటిని రెజ్యూమేలో సర్దడం కంటే మూడు నెలల్లో సంపాదించడం తేలిక. మీ కంపెనీకి క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంటే నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ బ్యాంకుకు వెళ్తూనే ఉంటుంది. స్టాకు, రావలసిన బాకీలు చూపించి, సరుకుకు మీరు ఇవ్వవలసిన బాకీలు తీసేసి, బ్యాంకు మార్జిన్ పోగా మిగిలినదే వాడుకోగల పరిమితి. పాతబడిన బాకీలు, చాలాచోట్ల 90 రోజులు దాటినవి, ఆ లెక్కలోకి రావు. 'వచ్చే నెల ఇది నేను తయారుచేస్తాను, మీరు చూసి సంతకం చేయండి' అని మేనేజర్ గారిని అడగండి. నెలకు ఒక రోజు పని, ఆయనకూ భారం తగ్గుతుంది. తయారుచేసేటప్పుడు ఒకటి తప్పక చూడండి: బ్యాంకుకు ఇచ్చిన అంకె, పుస్తకాల్లోని అంకె ఒకటేనా? బ్యాంకు పరిమితి 5 కోట్లు దాటిన కంపెనీల్లో, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోలాయా లేదా అన్నది, ఆడిట్ నివేదికలపై ఉన్న కారో 2020 ఉత్తర్వు వర్తించేచోట ఆడిటర్లు తమ నివేదికలో రాయాలి. తేడా ఎందుకు వచ్చిందో, దారిలో ఉన్న సరుకు వల్లా, ధర కట్టే పద్ధతి వల్లా, చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీతో ఎగ్జిక్యూటివ్‌తో మాట్లాడినట్టు మాట్లాడరు.

బడ్జెట్ పోలిక కూడా అంతే. యాజమాన్యానికి వెళ్లే ఎంఐఎస్ నివేదిక మీరే తయారుచేస్తున్నారు కదా, అంకెల కింద నాలుగు వాక్యాలు చేర్చడం మొదలుపెట్టండి. 'ఈ నెల కరెంటు ఖర్చు 2 లక్షలు పెరిగింది' అని కాదు. అది అంకె చూస్తే తెలుస్తుంది. 'రెండో షిఫ్టు తొమ్మిది రోజులు ఎక్కువ నడవడం వల్ల 1.4 లక్షలు, మిగతాది రేటు పెరగడం వల్ల' అని రాయాలి. దాని కోసం ప్రొడక్షన్ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి షిఫ్టుల లెక్క అడగాలి. అలా అకౌంట్స్ గది దాటి ఫ్యాక్టరీలోకి నడిచే అలవాటు పై మెట్టులో చాలా అవసరం. మూడు నెలలు అలా పంపాక రెజ్యూమేలో ఒక వాక్యం రాసుకునే హక్కు మీకు వస్తుంది. అప్పటివరకు రాయవద్దు. ఎవరైనా అడిగితే, 'బడ్జెట్ నేను వేయలేదు. ఖర్చుల తేడాలకు కారణాలు రాసే పని ఈమధ్యే మొదలుపెట్టాను' అనడం చాలు. ఆరింటిలో ఒకటి లేదని సూటిగా ఒప్పుకున్నవారి మీద మిగతా అయిదింటి విషయంలో నమ్మకం పెరుగుతుంది.

మీ కంపెనీలోనే ఈ మాట ఎత్తారా? ఉత్తరంలో లేదు కాబట్టి అడుగుతున్నాను. అప్రైజల్ సమయంలో ఇదే నోటుపుస్తకం తీసుకుని మేనేజర్ గారితో అరగంట కూర్చోండి. 'ప్రమోషన్ ఇవ్వండి' అని మొదలుపెట్టకండి. 'అసిస్టెంట్ మేనేజర్ అవడానికి నా పనిలో ఇంకా ఏం కావాలి' అని అడగండి. ఆయన చెప్పే జవాబు ఎలా ఉన్నా మీకు లాభమే. ఈ కంపెనీలో ఆ ఉద్యోగమే లేదంటే బయట వెతకడానికి సందేహం పోతుంది. ఫలానా పని రావాలంటే ఆ పని అడిగి తీసుకోవచ్చు. బయటి దరఖాస్తుల సంగతి మాత్రం ఆఫర్ చేతికి వచ్చేదాకా చెప్పవద్దు.

నోటీసు గడువు మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎంతుందో చూసుకుని అది రెజ్యూమేలోనే రాయండి. 90 రోజులైతే కొందరు ఆ ఒక్క కారణానికే పక్కన పెడతారు. సెలవులతో సర్దుబాటుకు గానీ, గడువు కొనుక్కోవడానికి గానీ మీ కంపెనీ ఒప్పుకుంటుందేమో హెచ్ఆర్ నియమావళిలో వెతికి, వీలుంటే ఆ సంగతీ పక్కనే చేర్చండి. మీ కంపెనీ ఏడాది లెక్కల ఆడిట్ నడుస్తుండగా మధ్యలో వదిలి వెళ్లే తేదీ మాత్రం ఎంచుకోవద్దు. కంపెనీలు వార్షిక సమావేశం సెప్టెంబర్ 30లోగా జరపాలి కాబట్టి ఆడిట్ దాదాపు ఆ లోపే ముగుస్తుంది. ఆడిటర్లు అడిగినవన్నీ ఇచ్చి, సంతకాలు అయ్యాక బయలుదేరితే, కొత్త కంపెనీవారు మీ గురించి వాకబు చేసినప్పుడు ఫోన్ ఎత్తేది మీ మేనేజర్ గారే అయినా మీకు బెంగ ఉండదు.